కింద ఉందన్న మెసేజ్ కింద లేదమ్మా

*నమస్తే సార్. మా అక్క ఈ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేసింది. నాన్నగారి ఫోన్‌కి వచ్చిందట. డబ్బు కట్ అయినట్టు ఉంది. దీని అర్థం ఏమిటి? నిజమా, మోసమా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. వెంటనే చెప్పండి.*
*— ఒక పాఠకురాలు, తణుకు*

అమ్మా, మీ మెయిల్ చేరింది గానీ మెసేజ్ చేరలేదు. మీ ఊరి పేరు తర్వాత అంతా ఖాళీ. ఫోటో జతచేసి ఉంటారేమోనని అదీ వెతికాను, లేదు. ఇలా ఉత్తరం వచ్చి అసలు సరుకు రాకపోవడం నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి. "ఈ చలానా చూడండి" అని ఖాళీ చెయ్యి చాపి, ఆ తర్వాత జేబులన్నీ తడుముకునేవాళ్లను రోజూ చూసేవాణ్ణి. కాబట్టి మొహమాటపడకండి.

అయితే మెసేజ్ మళ్లీ పంపే లోపు ఒక పని చేయండి. నాన్నగారిని కోప్పడకుండా మూడు విషయాలు అడగండి. ఆ మెసేజ్‌లో ఏదైనా లింక్ ఉంటే నొక్కారా? దాని తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే ఓటీపీ గానీ పిన్ గానీ చెప్పారా? కొత్త యాప్ ఏదైనా ఫోన్‌లోకి ఎక్కిందా? మూడింటికీ "లేదు" అంటే, నా జవాబు రేపు వచ్చినా మునిగిపోయేదేమీ లేదు. ఒక్కదానికి "అవును" అన్నా, ఖాతాలో డబ్బు నిజంగా తగ్గినా, నా కోసం చూడకండి. 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల్లో డబ్బు పోయినవాళ్ల కోసం ఉన్న నంబరు అది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయే లోపే ఆపించగలగాలి కాబట్టి అక్కడ గంటలు కూడా లెక్కే. బ్యాంకుకూ వెంటనే చెప్పండి.

డబ్బు తగ్గిందా లేదా అన్నది మాత్రం ఆ మెసేజ్‌ని చూసి తేల్చుకోకండి. మెసేజ్‌లో "కట్ అయింది" అని రాయడానికి ఎవరి ఖాతాలోనూ డబ్బు కట్ అవ్వక్కర్లేదు. పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి, లేదా నాన్నగారు రోజూ వాడే బ్యాంకు యాప్‌లో చూడండి, లేదా ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీయండి. మెసేజ్‌లో ఉన్న లింక్ ద్వారానో, అందులో ఇచ్చిన ఫోన్ నంబరు ద్వారానో మాత్రం చూడొద్దు.

ఇక మీ మెసేజ్ ఎక్కడ జారిపోయిందో నా ఊహ చెబుతాను. మీరు అక్క పంపినదాన్ని వేలితో నొక్కి పట్టుకుని కాపీ చేసి ఉంటారు. ఆ తర్వాత నా మెయిల్ అడ్రసు కోసం ఈ శీర్షిక తెరిచి, ఆ అడ్రసును కూడా కాపీ చేసి ఉంటారు. ఫోన్‌లో కాపీ చేసినది మామూలుగా ఒక్కటే నిలుస్తుంది. రెండోది కాపీ చేయగానే మొదటిది పోతుంది. అడ్రసు పెట్టాల్సిన చోట అడ్రసు పడింది, మెసేజ్ పెట్టాల్సిన చోట పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. కొన్ని కీబోర్డుల్లో పాత కాపీలు దాచుకునే సదుపాయం ఉంటుంది గానీ, దాన్ని ఆన్ చేసుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. అందుకే ముందు అడ్రసు పెట్టుకుని, ఆ తర్వాతే మెసేజ్ కాపీ చేసి తెచ్చుకోవాలి. వరస మారిస్తే చాలు.

వాట్సాప్‌లో జరిగేది ఇంకో రకం. వచ్చిన మెసేజ్‌ని పక్కకు జరిపి "ఇదేంటి?" అని రాస్తే, ఆ మెసేజ్ మీ ప్రశ్న పైన చిన్న పెట్టెలో కనిపిస్తుంది. అది ఆ చాట్‌లో ఉన్నవాళ్లకే. ఆ ప్రశ్నను మాత్రం కాపీ చేసి వేరే చోటికి తీసుకెళ్తే పెట్టె వెంట రాదు. మీ కళ్లకు రెండూ కలిసే కనిపించాయి కాబట్టి రెండూ వెళ్లాయనే అనుకుంటారు. అవతలివాళ్లకు "ఇదేంటి?" ఒక్కటే చేరుతుంది.

సరే, మెసేజ్ వచ్చిందనే అనుకుందాం. అక్షరం పొల్లుపోకుండా మీరు పంపారు, నేను చదివాను. అప్పుడైనా నిజమో మోసమో చెప్పగలనా? చాలాసార్లు చెప్పలేనమ్మా. మీరు వెంటనే కావాలన్న జవాబుకి ఇదే అసలు అడ్డంకి. ఆ మెసేజ్ ఎన్ని చేతులు మారిందో చూడండి. మొదట నాన్నగారి ఫోన్‌కి వచ్చింది. అక్కడి నుంచి అక్క ఫోన్‌కి, అక్క నుంచి మీకు, మీ నుంచి నాకు. మాటలు చెక్కుచెదరకుండా వస్తాయి. ఆ మాటలు ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు అన్నవి మొదటి అడుగులోనే రాలిపోతాయి.

ఫోన్‌లో మామూలు ఎస్ఎంఎస్‌ని ఫార్వర్డ్ చేస్తే లోపలి మాటలే వెళ్తాయి. పైన ఉండే పంపినవాళ్ల పేరు వెళ్లదు. అవతలి ఫోన్‌లో పంపినవాళ్ల స్థానంలో మీ నంబరే కనిపిస్తుంది, టైము కూడా మీరు పంపిన టైమే. ఎస్ఎంఎస్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంకా గమ్మత్తు. అది ఫార్వర్డ్ కింద లెక్కకు రాదు కాబట్టి దాని మీద ఆ ముద్ర కూడా పడదు. చూసేవాళ్లకు అది మీ అక్కే టైపు చేసిన మాటలా ఉంటుంది. పోస్టులో వచ్చిన కవరు చించి పారేసి, లోపలి కాగితం ఒక్కటే చేతిలో పెట్టి "ఇది ఎవరు రాశారు?" అని అడిగినట్టు ఉంటుంది నా పరిస్థితి. ముద్ర, తేదీ, పంపిన ఊరు అన్నీ ఆ కవరు మీదే ఉండేవి కదా.

ఎస్ఎంఎస్‌కి ఆ కవరు ఎలా ఉంటుందో చెబుతాను. మన దేశంలో బ్యాంకులు, కంపెనీలు, ప్రభుత్వ శాఖలు పంపే మెసేజ్‌లు మామూలు పది అంకెల నంబరు నుంచి రావు. పైన ఇలాంటిది ఉంటుంది.

```
AD-ABCBNK-S
```

ఇది ఉదాహరణకు నేను రాసిన పేరు, ఏ బ్యాంకుదీ కాదు. మొదటి రెండు అక్షరాలు ఆ మెసేజ్ ఏ నెట్‌వర్క్ నుంచి, ఏ సర్కిల్ నుంచి బయల్దేరిందో చెబుతాయి. A అంటే ఎయిర్‌టెల్, J అంటే జియో, V అంటే వొడాఫోన్ ఐడియా, B అంటే బీఎస్ఎన్ఎల్. రెండో అక్షరం D అయితే ఢిల్లీ, M అయితే ముంబై, A అయితే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. "మాది తణుకు కదా, ఢిల్లీ అని ఎందుకుంది?" అని ఒకాయన నాతో అరగంట వాదించాడు. అది బయల్దేరిన చోటే గానీ మీరున్న చోటు కాదు. బ్యాంకులు దేశమంతటికీ ఒకే చోటి నుంచి పంపుతుంటాయి. మధ్యలో ఉన్నది ఆ సంస్థ ముందుగా రిజిస్టర్ చేయించుకున్న పేరు.

చివర గీత పెట్టి ఉన్న ఒక్క అక్షరం కొత్తది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో నిబంధనలు మార్చి దాన్ని తప్పనిసరి చేసింది. P అంటే ప్రకటన, S అంటే సేవకు సంబంధించింది, T అంటే లావాదేవీ, G అంటే ప్రభుత్వ సమాచారం. నాన్నగారి ఫోన్‌లో అంతకుముందటి మెసేజ్‌లకు ఆ అక్షరం లేకపోతే అనుమానపడక్కర్లేదు. ఇప్పుడు వచ్చిన మెసేజ్‌లో "మీ డబ్బు కట్ అయింది" అని ఉండి, పైన ఈ పేరుకు బదులు పది అంకెల మొబైల్ నంబరు ఉంటే మాత్రం, నేను లోపలి మాటలు చదవను కూడా. మోసమే అనుకుని మొదలుపెడతాను. పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన లింక్ నొక్కేయొచ్చని కూడా కాదు. పేరు ఒక ఆనవాలు, అంతే. అది లేకపోతే ఆ ఆనవాలు కూడా ఉండదు.

మొన్న మే నెలాఖరులో అచ్చం మీలాంటి ఉత్తరమే ఒకటి వచ్చింది. వరంగల్ వైపు నుంచి ఒకమ్మాయి రాసింది. ఆవిడా "ఈ మెసేజ్ ఏంటి, మా నాన్న ఖాతాలోంచి డబ్బు పోయింది" అని రాసి, మెసేజ్ పెట్టడం మరిచిపోయింది. అడిగితే మాటలు కాపీ చేసి పంపింది. దాదాపు ఇలా ఉంది.

```
Rs.436.00 debited from A/c XX4321 on 27-05 towards PMJJBY renewal.
```

ఆ 436 చూడగానే నాకు సగం అర్థమైంది. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా యోజనకు ఏడాది ప్రీమియం అది. 2022 మే వరకు 330 ఉండేది, జూన్ 1 నుంచి 436 చేశారు. దానితోపాటు 20 రూపాయలు కట్ అయితే అది సురక్షా బీమా, ప్రమాదాలకు సంబంధించింది. అదీ అంతకుముందు 12 ఉండేది. ఈ రెండు పథకాలకూ ఏడాది జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. అందుకే మే చివరి వారంలో ఖాతాల్లోంచి ఆ డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఆ వారం బ్యాంకు కౌంటర్ల దగ్గర గొడవ చూడాలి. "నన్నడక్కుండా నా డబ్బు ఎలా తీస్తారు?" అని ప్రతివాళ్లూ అడుగుతారు. ఎప్పుడో పథకంలో చేరినప్పుడు ఫారం మీద సంతకం పెట్టి ఉంటారు, ఏటా కట్ చేసుకోవచ్చని అందులోనే ఒప్పుకుని ఉంటారు. మరిచిపోతారు.

ఇంతవరకు మాటలే చెప్పాయి. అయినా ఆ అమ్మాయికి "నిజమే" అని రాయలేదు. 436 అన్న అంకె నాకు తెలిసినట్టే మోసగాళ్లకూ తెలుసు. మే నెలలో లక్షల మందికి ఆ మెసేజ్ వస్తుందనీ వాళ్లకు తెలుసు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. పంపింది, కానీ చక్కగా ఉండాలని పైభాగం కత్తిరించి పంపింది. నాకు కావలసిందే ఆ పైభాగం. మళ్లీ అడిగాను. మూడోసారి వచ్చింది. పైన బ్యాంకు పేరున్న హెడర్, చివర S. తేదీ మే 27. లోపల లింక్ లేదు, "ఈ నంబరుకి ఫోన్ చేయండి" అన్న మాట లేదు. ఆ మెసేజ్ వాళ్ల నాన్నను ఏ పనీ చేయమనడం లేదు, జరిగింది చెబుతోంది అంతే. అప్పుడు కూడా పాస్‌బుక్ చూడమన్నాను. 27వ తేదీ ఎదురుగా 436 ఉంది. అప్పుడు నమ్మాను.

కథ అక్కడితో అయిపోలేదు. మెసేజ్‌ల జాబితాకు తీసిన ఇంకో స్క్రీన్‌షాట్ కూడా పంపింది, అందులో ఇంకో బ్యాంకు నుంచి ఇంకో 436 కనబడింది. వాళ్ల నాన్నకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి, రెండు చోట్లా పథకంలో చేరాడు. ఆ పథకంలో ఒక మనిషికి ఒక్క ఖాతా నుంచే చేరే హక్కుంది. రెండు చోట్ల కట్టినా కుటుంబానికి వచ్చేది 2 లక్షలే, 4 లక్షలు కాదు. రెండో బ్యాంకుకు వెళ్లి ఆపమని కాగితం రాసివ్వమన్నాను. ఆ అమ్మాయి కాపీ చేసి పంపిన ఒక్క ముక్కలో ఇది కనబడేదే కాదు. పక్కనున్న మెసేజ్ కూడా ఫోటోలో పడబట్టి తెలిసింది.

ఇదే మాదిరిగా మొదలై వేరే దారి పట్టిన ఉత్తరం ఇంకొకటి చెబుతాను, క్లుప్తంగా. ఒకాయన "ట్రాఫిక్ చలానా వచ్చింది, దీని అర్థం ఏమిటి?" అని అడిగాడు, మామూలుగానే మెసేజ్ లేదు. అడిగితే చలానా ఫైలునే నాకు ఫార్వర్డ్ చేశాడు. పేరు చివర `.apk` అని ఉంది. చలానా కాగితమైతే ఫోటో గానీ పీడీఎఫ్ గానీ అవుతుంది. `.apk` అంటే ఫోన్‌లోకి ఎక్కే యాప్. అలాంటివి ఎక్కి, అనుమతులు ఇచ్చాక ఫోన్‌కి వచ్చే ఎస్ఎంఎస్‌లు చదువుతాయి, అంటే ఓటీపీలు కూడా. నేను దాన్ని తెరవలేదు, తుడిచేశాను. ఇందులో ఇంకో చిక్కు చూడండి. నాకు అది వచ్చింది మోసగాడి నుంచి కాదు, నాకు ఉత్తరం రాసిన మర్యాదస్తుడి నుంచి. ఆయన కూడా దాన్ని ఎవరో బావమరిది నుంచి అందుకున్నాడు. ఎక్కడికక్కడ తెలిసినవాళ్ల చేతి మీదుగానే వచ్చింది. అందుకే మీకు కూడా చెబుతున్నాను, నాన్నగారి ఫోన్‌లో ఉన్నది ఫైలు అయితే దాన్ని పంపొద్దు. ఆ ఫైలు పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పంపండి.

అక్క మీకు వాట్సాప్‌లో పంపి ఉంటే దాని మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. 2018 నుంచి ఫార్వర్డ్ చేసిన వాటి పైన చిన్న బాణం గుర్తు, `Forwarded` అన్న మాట వస్తున్నాయి. రెండు బాణాలతో `Forwarded many times` అని ఉంటే, అది మీ దాకా రావడానికి కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది వాట్సాప్. మీ సంగతిలో రెండు బాణాలు కనిపిస్తే అది చాలా పెద్ద ఆధారం. నాన్నగారి ఖాతా గురించి బ్యాంకు ఆయనొక్కడికే రాసిన మెసేజ్, ఐదు చేతులు దాటి రావడానికి కారణం లేదు కదా. అది ఊరంతా తిరుగుతున్న కాగితం, నాన్నగారి పేరున వచ్చింది కాదు. "రేపటి నుంచి ఖాతాలు ఆపేస్తారట" లాంటివి ఈ కోవలోవే. అందులోని "రేపు" ఏ సంవత్సరపు రేపో రాసినవాడికే తెలియాలి.

ఇప్పుడు నాకు ఎలా పంపాలో చెబుతాను. అక్క ఫోన్‌లోది వద్దు, మీ ఫోన్‌లోది అసలే వద్దు. నాన్నగారి ఫోన్‌లోనే ఆ మెసేజ్ తెరిచి, ఎక్కువ ఫోన్లలో పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ ఒకేసారి నొక్కితే స్క్రీన్‌షాట్ వస్తుంది. అందులో పైన పంపినవాళ్ల పేరు, మధ్యలో తేదీ, టైము, కింద మెసేజ్ మొత్తం కనబడాలి. ఒక తెరలో పట్టకపోతే రెండు తీయండి, రెండోది మొదటిదాని చివరి లైనుతో మొదలయ్యేలా చూడండి. నాన్నగారికి స్క్రీన్‌షాట్ తీయడం రాకపోతే, పక్కింటి కుర్రాడి ఫోన్‌తో ఆ తెరకు ఫోటో తీసినా నాకు చాలు. మసగ్గా ఉన్నా పరవాలేదు, పైభాగం మాత్రం పోకూడదు.

తెలుగులో వచ్చిన ఎస్ఎంఎస్ అయితే ఇంకో సంగతి గమనించండి. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. తెలుగులో అయితే 70 మాత్రమే. అదీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. ఫోన్ గుణింతాన్నీ ఒత్తునూ విడివిడిగా లెక్కేస్తుంది. "కి" అంటే రెండు, "శ్రీ" అంటే నాలుగు. కాబట్టి నాలుగు ముక్కల తెలుగు మెసేజ్ మామూలే. ఆ ముక్కలను ఫోన్ అతికించి ఒకటిగా చూపిస్తుంది. ఒక్కోసారి ఒక ముక్క ఆలస్యమైతే వాక్యం మధ్యలో తెగి కనబడుతుంది. "మీ ఖాతా నుంచి కట్ అయిన సొమ్ము తిరిగి" అని ఆగిపోయిందనుకోండి, జమ అయిందో, రాదో ఎవరు చెప్పగలరు? అలా తెగినదాన్ని ఫార్వర్డ్ చేస్తే తెగినంతే వెళ్తుంది. నాన్నగారి ఫోన్‌లో తర్వాత మిగతా ముక్క వచ్చి ఉందేమో చూడండి. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క రూపాయి గుర్తు పెట్టినా మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి పడిపోతుంది. `Rs.` అనో `INR` అనో రాస్తే ఆ బాధ లేదు. చాలా బ్యాంకులు అలాగే రాస్తాయి.

పంపే ముందు దాచాల్సినవి దాచండి. ఓటీపీ ఉంటే అది, మొత్తం ఖాతా నంబరు ఉంటే అది, ఖాతాలో మిగిలిన సొమ్ము, నాన్నగారి పేరు. నాకు ఇవేవీ అక్కర్లేదు. ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు ఉన్నా ఇబ్బంది లేదు. దాచడం కూడా సరిగ్గా దాచాలి. ఫోన్‌లో ఫోటో మీద గీసే పెన్నుల్లో హైలైటర్ లాంటిది ఉంటుంది. దానితో నల్లగా రుద్దితే దాగిందనిపిస్తుంది. వెలుతురు పెంచి చూస్తే కింద అంకెలు కనబడతాయి. ఒకావిడ కార్డు నంబరు నాకలాగే కనబడింది. వెంటనే ఆ కార్డు ఆపించమని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి పూర్తిగా నిండిన గడి పెట్టే పనిముట్టు వాడండి. అది దొరక్కపోతే తెర మీద చిన్న కాగితం ముక్క అతికించి, వేరే ఫోన్‌తో ఫోటో తీయండి. పాత పద్ధతే, కానీ కాగితం కింద ఉన్నదాన్ని ఎవరూ వెలుతురు పెంచి చదవలేరు. లింక్ మాత్రం దాచకండి. లింక్‌లో ఉన్న స్పెల్లింగే చాలాసార్లు దొంగను పట్టిస్తుంది.

నాన్నగారి ఫోన్‌లో ఆ మెసేజ్‌ని తుడిచేయొద్దని కూడా చెప్పండి. భయపడినవాళ్లు మొదట చేసే పని అదే. నిజంగా మోసమైతే 1930 వాళ్లు లావాదేవీ నంబరు, టైము అడుగుతారు. డబ్బు పోకుండా అనుమానం మాత్రమే ఉంటే, ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చక్షు అన్న చోట ఫిర్యాదు పెట్టొచ్చు. అక్కడా అడిగేది ఇవే, ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, స్క్రీన్‌షాట్ ఏది అని. వాళ్లకు కూడా మీ అక్క పంపిన కాపీ పనికిరాదు.

స్క్రీన్‌షాట్‌తోపాటు మీ మాటల్లో రెండు ముక్కలు రాయండి. ఆ మెసేజ్ వచ్చే ముందు నాన్నగారు ఏదైనా చేశారా అన్నది ఒకటి. ఎవరికైనా డబ్బు పంపడం, ఫోన్ రీచార్జ్ చేయించడం, బ్యాంకులో ఏదైనా ఫారం మీద సంతకం పెట్టడం లాంటివి. ఆ బ్యాంకులో ఆయనకు అసలు ఖాతా ఉందా అన్నది రెండోది. నవ్వకండి, లేని ఖాతాలోంచి డబ్బు పోయిందని రాత్రంతా నిద్రపోనివాళ్లు ఉన్నారు.

ఒకవేళ ఆ మెసేజ్‌లో ఉన్న అంకె 436 గానీ 20 గానీ అయితే, పాస్‌బుక్‌లోనూ అదే అంకె ఉంటే, పైన వరంగల్ అమ్మాయికి చెప్పినదే మీకూ వర్తిస్తుంది. జీవన జ్యోతిలో ఏడాది మధ్యలో కొత్తగా చేరినవాళ్లకు మాత్రం మొదటిసారి తక్కువ పడుతుంది. సెప్టెంబరు నుంచి నవంబరు లోపు చేరితే 342, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపైతే 228, మార్చి నుంచి మే లోపైతే 114. ఈ అంకెలు కాక వేరేవి ఉంటే ఊహించి చెప్పను. నాన్నగారికి 55 దాటి ఉండి, ఇంకా 436 కట్ అవుతుంటే అది కూడా రాయండి. ఆ వయసుతో జీవన జ్యోతి ముగిసిపోతుంది కాబట్టి బ్యాంకుని అడగాల్సిన మాట ఒకటి ఉంటుంది.

రేపు సాయంత్రం మెయిల్ చూస్తాను. నాన్నగారి ఫోన్‌లోది, పైభాగం కత్తిరించకుండా.